బల్ల మీద బాగుంది, బోరు దగ్గరే తేడా

బోరు మోటారు స్టార్టర్ డబ్బా తలుపు తీస్తే ఇప్పుడు చాలా చోట్ల కాంటాక్టర్ పక్కన చిన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి కనిపిస్తుంది. అందులో ఒక సిమ్ కార్డు, చిన్న బ్యాటరీ, గోరంత ప్రాసెసర్ ఉంటాయి. రైతు ఇంటి దగ్గర నుంచి ఫోన్ కొడితే మోటారు ఆన్ అవుతుంది. ఫేజు పోయినా, ఓల్టేజీ పడిపోయినా, బోరులో నీళ్లు అయిపోయినా ఎవరూ చెప్పకుండానే ఆగిపోతుంది. ఎప్పుడు ఆన్ చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయాలన్నీ ఆ ప్రాసెసర్ లోపల రాసి పెట్టిన ప్రోగ్రామువి. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు.

ఫోన్‌లో ఒక యాప్ మొరాయిస్తే మూసి మళ్లీ తెరుస్తాం. స్టార్టర్ డబ్బాలో ఫర్మ్‌వేర్ తప్పు చేస్తే వైండింగ్ కాలుతుంది. కాలిన మోటారును వందల అడుగుల లోతు నుంచి పైకి లాగాలి, రీవైండింగ్ చేయించాలి, మళ్లీ దించాలి. ఈలోపు పైరు ఎండుతుంది. అందుకే డబ్బా ఫ్యాక్టరీ దాటకముందే ఫర్మ్‌వేర్‌ను గట్టిగా పరీక్షించాలి. ఇబ్బంది ఏమిటంటే, పరీక్ష జరిగే గదిలో బోరు ఉండదు. దూరంగా ఉన్న టవరు, పక్క పొలాల మోటార్లు, ఊగిసలాడే ఓల్టేజీ ఏవీ ఉండవు. వాటన్నిటికీ బదులుగా ఏదో ఒకటి తయారుచేసి పెట్టుకోవాలి. ఆ బదులు ఎంత నిజంగా ఉంటే పరీక్ష అంత నిజం. ఎక్కడ అబద్ధమాడితే తప్పు అక్కడే దాక్కుంటుంది.

ఈ సంగతి తేలిగ్గా అర్థం కావడానికి ఇలాంటి మోటారు కంట్రోలర్‌నే నమూనాగా తీసుకుని, ఇంజనీర్లు దాన్ని ఎలా పరీక్షిస్తారో మెట్టుమెట్టుగా చూద్దాం. ఇక్కడ చెప్పే తప్పులు ఏ కంపెనీ సరుకులోవీ కావు. ఈ రకం పరికరాల్లో సహజంగా దొర్లేవి.

గడియారం మన చేతిలో ఉన్నప్పుడు

మొదటి మెట్టు సిమ్యులేటర్. కంట్రోలర్‌లోని ప్రాసెసర్ ఎలా పనిచేస్తుందో అచ్చం అలాగే ప్రవర్తించే ప్రోగ్రామును మామూలు కంప్యూటర్‌లో నడుపుతారు. రెనోడ్, క్యూఈఎంయూ వంటివి ఈ పని చేస్తాయి. చిప్‌లోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్‌నే వీటిలోకి ఎక్కిస్తే, తాను నిజమైన బోర్డు మీదే ఉన్నాననుకుని అది పరిగెడుతుంది. బోర్డు ఇంకా తయారు కాకపోయినా పరీక్ష మొదలుపెట్టవచ్చు.

సిమ్యులేటర్‌కు ఉన్న అసలు బలం కాలం మీద అధికారం. గంటలు పట్టేదాన్ని సెకన్లలో తిప్పేయవచ్చు, గడియారాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టవచ్చు. ఇది ఎంత అవసరమో చూపించే తప్పు ఒకటి ఉంది.

బోరులో నీళ్లు తగ్గి మోటారు ఊరికే తిరుగుతుంటే అది లాగే కరెంటు తగ్గుతుంది. కంట్రోలర్ అది గమనించి మోటారును ఆపేస్తుంది. దీన్ని డ్రై రన్ ట్రిప్ అంటారు. ఊట ఊరడానికి రెండు గంటలు ఆగి మళ్లీ ఆన్ చేయాలని ఫర్మ్‌వేర్‌కు చెప్పారనుకుందాం. రెండు గంటలంటే 72 లక్షల మిల్లీసెకన్లు. ప్రోగ్రామర్ దాన్ని ఇలా రాశాడు:

```c
if (millis() > dry_at + 7200000UL)
    start_motor();
```

`millis()` అనేది కంట్రోలర్ ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క. `dry_at` అనేది మోటారు ఆగిన క్షణం. ఆగిన క్షణానికి రెండు గంటలు కలిపి, గడియారం దాన్ని దాటితే ఆన్ చేయమంటున్నాడు. చదివితే తప్పేమీ కనిపించదు. బల్ల మీద పెట్టి వారం రోజులు నడిపినా తప్పు బయటపడదు.

కానీ ఈ లెక్క దాచుకునే చోటుకు 32 బిట్లే ఉన్నాయి. అందులో పట్టే అంకెలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. మిల్లీసెకన్లలో అది 49 రోజుల 17 గంటలు. ఆ తర్వాత లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా కంట్రోలర్ ఆగదు, లెక్క పెరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు లెక్క సున్నా కావడానికి గంట ముందు బోరులో నీళ్లు అయిపోయాయనుకోండి. ఆగిన క్షణానికి రెండు గంటలు కలిపితే మొత్తం 32 బిట్లలో పట్టదు. పొంగిపోగా మిగిలేది చాలా చిన్న అంకె. గడియారంలో ఉన్నది చాలా పెద్ద అంకె. ‘దాటిందా?’ అని అడగ్గానే ‘దాటింది’ అని జవాబు వస్తుంది. నీళ్లు లేని బోరులో మోటారు వెంటనే మళ్లీ లేస్తుంది, డ్రై రన్ అని ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. లెక్క సున్నాకు చేరే దాకా ఇదే వరస.

రైతు ఫోన్ చేసి, “సారూ, మోటరు దానంతట అదే లేస్తాంది, ఆగుతాంది” అంటాడు. మెకానిక్ వచ్చి చూసేసరికి అంతా బాగానే ఉంటుంది. అనుమానం తీరడానికి బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెడతాడు. దాంతో లెక్క సున్నా నుంచి మొదలై, ఇంకో 49 రోజులు ఏమీ జరగదు. రోగం తగ్గినట్టే ఉంటుంది, సాక్ష్యం కూడా దాంతోనే చెరిగిపోతుంది.

సిమ్యులేటర్‌లో అయితే లెక్కను సున్నా కావడానికి గంట ముందున్న చోట పెట్టి, కరెంటు తగ్గినట్టు చూపించి, మూడు గంటల కాలాన్ని గబగబా తిప్పేస్తే చాలు. రిలే రెండు గంటల లోపు ఆన్ అయితే పరీక్ష తప్పినట్టు. సరిచేయడానికి పట్టేది ఒక్క వరసే:

```c
if (millis() - dry_at >= 7200000UL)
    start_motor();
```

కూడిక బదులు తీసివేత వాడితే గండం గడుస్తుంది. పాత బండి మీటరులో ఐదంకెలే ఉంటాయి కదా. బయల్దేరినప్పుడు 99,990, చేరేసరికి 00,020 ఉంటే 30 కిలోమీటర్లు నడిచిందని ఎవరైనా చెబుతారు. మీటరు తిరగబడినా తేడా చెడదు. ప్రాసెసర్‌లోని తీసివేత కూడా సరిగ్గా అలాగే పనిచేస్తుంది.

ఇది చిన్న పరికరాలకే పరిమితమైన తప్పు అనుకోవడానికి వీల్లేదు. బోయింగ్ 787 విమానం 248 రోజులు ఆపకుండా కరెంటు మీదే ఉంటే, జనరేటర్లను నడిపించే కంట్రోల్ యూనిట్లన్నీ ఒకేసారి చేతులెత్తేసే ప్రమాదం ఉందని 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశం జారీచేసింది. వాటి లోపలి సాఫ్ట్‌వేర్ కౌంటర్ పొంగిపోవడమే కారణమని అందులో చెప్పింది. సెకనుకు వందసార్లు పెరిగే కౌంటర్‌కు 31 బిట్ల చోటు ఇస్తే అది నిండేది సరిగ్గా 248 రోజులు దాటాకే. ఎక్కడా ఎగిరే విమానంలో జరగకముందే ప్రయోగశాల పరీక్షలో ఇది తేలింది. లినక్స్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఆ కెర్నల్‌లోని ఒక కాలగణన అంకెను సున్నా నుంచి కాకుండా, కంప్యూటర్ ఆన్ అయిన ఐదు నిమిషాలకే 32 బిట్ల హద్దు దాటే చోటు నుంచి మొదలుపెడతారు. తప్పు రాసినవాడికి అది వారాల తర్వాత కాకుండా టీ తాగి వచ్చేలోపే తెలియాలని.

బోర్డు నిజం, పొలం కల్పన

సిమ్యులేటర్‌లో కాలం మన మాట వింటుంది గాని కరెంటు లేదు. రిలే కొట్టుకోవడం, కాంటాక్టర్ కాయిల్ వదిలినప్పుడు వచ్చే విద్యుత్ చప్పుడు, సప్లై ఒక్క క్షణం కుంగడం అందులో ఉండవు. అందుకే రెండో మెట్టు ‘హార్డ్‌వేర్ ఇన్ ద లూప్’. ఇంజనీర్లు పొట్టిగా హిల్ అంటారు. ఇందులో కంట్రోలర్ బోర్డు నిజమైనది, దానిలోని ఫర్మ్‌వేర్ నిజమైనది. దాని చుట్టూ ఉన్న పొలం మాత్రం కల్పితం.

బోర్డుకు వచ్చే తీగలన్నీ ఒక పరీక్ష యంత్రానికి కలుపుతారు. మూడు ఫేజుల ఓల్టేజీ, మోటారు లాగే కరెంటు ఎంతో చెప్పే సంకేతాలను ఆ యంత్రమే పుట్టిస్తుంది. బోర్డు రిలేను ఆన్ చేసిందా లేదా అని కూడా అదే చూస్తుంది. రిలే ఆన్ కాగానే యంత్రంలోని లెక్కల మోటారు లేస్తుంది. మొదట మామూలు కరెంటుకు ఐదారు రెట్లు చూపించి, వేగం అందుకున్నాక మామూలు స్థాయికి దిగుతుంది. బోర్డు ఆ కరెంటును చదివి తర్వాతి నిర్ణయం తీసుకుంటుంది, ఆ నిర్ణయానికి లెక్కల మోటారు మళ్లీ స్పందిస్తుంది. ఈ చక్రం ఆలస్యం లేకుండా మిల్లీసెకన్ల లెక్కన తిరగాలి. యంత్రం నెమ్మదిస్తే, రిలే ఆన్ అయినా కరెంటు కనపడలేదేమిటని బోర్డు ట్రిప్ అవుతుంది. అప్పుడు తప్పు పరీక్షదైనా నింద ఫర్మ్‌వేర్ మీద పడుతుంది.

హిల్ బెంచ్ సత్తా తెలిసేది పగవాడిలా ప్రవర్తించినప్పుడే. కంట్రోలర్ తన సెట్టింగులను, మోటారు నడిచిన గంటలను చెరగని మెమరీలో రాసుకుంటూ ఉంటుంది. ఒక్కో రాత కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. సరిగ్గా ఆ మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా పాతబడి ఉంటే? సగం కొత్త అంకె, సగం పాత అంకె మిగులుతాయి. 8 ఆంపియర్లకు ట్రిప్ కావాల్సిన మోటారుకు ఏ 200 ఆంపియర్లో హద్దుగా పడవచ్చు. ఇక అది కాలిపోయే దాకా ట్రిప్ కాదు.

దీన్ని చేత్తో స్విచ్ నొక్కి పట్టుకోలేం. పరీక్ష యంత్రం రాత మొదలైన క్షణాన్ని గుర్తించి మొదటిసారి వెంటనే సప్లై కోస్తుంది, రెండోసారి మిల్లీసెకనులో పదో వంతు ఆగి కోస్తుంది, మూడోసారి ఇంకో పదో వంతు ఆగి. ఇలా 20 మిల్లీసెకన్ల దాకా జరుపుకుంటూ పోతే 200 కోతలు అవుతాయి. ప్రతి కోత తర్వాత బోర్డును మళ్లీ లేపి, సెట్టింగులు చదివి, పాతవో కొత్తవో పూర్తిగా ఉన్నాయా అని చూస్తుంది. సాయంత్రం మొదలుపెట్టి ఇంటికెళితే పొద్దున్నకు ఫలితం సిద్ధం. దీనికి విరుగుడు తెలిసిందే. సెట్టింగులను రెండు చోట్ల రాయాలి, ఒక్కో ప్రతికి వరస సంఖ్య, సరిచూసే మొత్తం జతచేయాలి. ఒకటి చెడితే రెండోది నమ్మాలి. విరుగుడు నిజంగా పనిచేస్తోందని చెప్పేది మాత్రం ఆ 200 కోతలే.

బెంచ్‌కు తెలియని ఫేజు

ఇంత పెట్టినా హిల్‌కు ఒక గుడ్డి చోటు ఉంటుంది. కల్పిత పొలాన్ని తయారుచేసింది కూడా మనుషులే, చాలాసార్లు ఫర్మ్‌వేర్ రాసినవాళ్లే. వాళ్లకున్న అపోహే రెండు చోట్లా ఉంటే ఒకదాన్నొకటి సమర్థించుకుంటాయి. పరీక్ష పాసవుతుంది.

మన మోటారు విషయంలో దీనికి మంచి ఉదాహరణ ఫేజు పోవడం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతే మూడింట ఒక ఫేజు రాదు. రాని ఫేజు మీద ఓల్టేజీ సున్నా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఫర్మ్‌వేర్‌లో ‘ఏ ఫేజయినా సున్నాకు పడితే ఆపు’ అని రాస్తారు. బెంచ్‌లో ఫేజు తీసేసే మీట నొక్కితే యంత్రం ఆ ఓల్టేజీని సున్నా చేస్తుంది. మోటారు ఆగుతుంది. కాగితం మీద టిక్కు పడుతుంది.

మోటారు ఆగి ఉన్నప్పుడు ఫేజు పోతే నిజంగానే ఇలా జరుగుతుంది. నడుస్తున్నప్పుడు పోతే కథ వేరు. తిరుగుతున్న త్రీఫేజు మోటారు మిగిలిన రెండు ఫేజుల మీదే తిరుగుతూ, పోయిన ఫేజు తీగ మీద తానే ఓల్టేజీ పుట్టిస్తుంది. అది అసలు ఓల్టేజీకి చాలా దగ్గరగా ఉంటుంది. కంట్రోలర్ ఆ తీగనే చూస్తుంది కాబట్టి మూడు ఫేజులూ ఉన్నాయనే నమ్ముతుంది. ఈలోపు మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు ఒకటిన్నర రెట్లు దాటి పెరుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. అదే లైను మీద పక్క పొలాల మోటార్లు కూడా నడుస్తుంటే, ఒకటి పుట్టించిన ఓల్టేజీ ఇంకోదానికి అందుతూ బొమ్మ మరింత గజిబిజి అవుతుంది.

అందుకే ఇలాంటి రక్షణకు ఓల్టేజీ ఒక్కటే చాలదు. మూడు ఫేజుల కరెంట్లు ఒకదానితో ఒకటి ఎంత తేడాగా ఉన్నాయో చూడాలి. బెంచ్‌లోని లెక్కల మోటారుకు కూడా ఈ సంగతి నేర్పాలి. దానికోసం ఒక రోజు నిజం మోటారును, నిజం లైనును పెట్టి, నడుస్తుండగా ఫ్యూజు తీసి, ఓల్టేజీ, కరెంటు ఎలా కదిలాయో రికార్డు చేసుకోవాలి. తర్వాత బెంచ్‌లో ఆ రికార్డునే మళ్లీ మళ్లీ వాయించవచ్చు. ఎవరో ఊహించి రాసిన లెక్క కంటే నమోదు చేసుకున్న అలలు నమ్మదగినవి.

పెద్ద సంస్థలు కూడా ఈ గుడ్డి చోట్లో జారిపడ్డాయి. 2019 డిసెంబరు 20న బోయింగ్ స్టార్‌లైనర్ వ్యోమనౌక మనుషులు లేకుండా అట్లాస్ రాకెట్ మీద బయల్దేరింది. ఎంతసేపు ప్రయాణించానన్న లెక్కకు అది రాకెట్ నుంచి సమయం తీసుకోవాలి. తీసుకోకూడని క్షణంలో తీసుకోవడంతో దాని గడియారం 11 గంటలు తప్పింది. చేయాల్సిన పనులను తప్పు సమయంలో చేయబోయి ఇంధనం ఖర్చుచేసుకుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని చేరకుండానే రెండు రోజుల్లో తిరిగి వచ్చేసింది. ప్రయోగం నుంచి అనుసంధానం దాకా ఒకే దఫాగా పరీక్షిస్తే 25 గంటలకు పైగా పడుతుందని, అందుకే ముక్కలుగా పరీక్షించామని కంపెనీ తర్వాత చెప్పింది. ముక్కలు విడివిడిగా పాసయ్యాయి. ఒక ముక్క ఇంకో ముక్కకు గడియారం అప్పజెప్పే చోటు ఏ ముక్కలోకీ రాలేదు.

చూడటానికి సందే లేకపోతే

ఇక మూడో చిక్కు. తప్పు జరుగుతోందని తెలుసు, లోపల ఏం జరుగుతోందో చూడాలి. కంప్యూటర్ ప్రోగ్రామైతే మధ్యలో ఆపి లోపలి అంకెలన్నీ చదవవచ్చు. ఫర్మ్‌వేర్‌కు కూడా అలాంటి దారి ఉంది. ఈ తరహా చిప్పులు చాలావాటికి రెండు తీగల డీబగ్ పోర్టు ఉంటుంది. అయితే ఫర్మ్‌వేర్‌ను ఎవరూ కాపీ కొట్టకుండా, ఫ్యాక్టరీ దాటేముందు కంపెనీలు దాన్ని మూసేస్తాయి. కొన్ని చిప్పుల్లో ఒకసారి పూర్తిగా మూస్తే మళ్లీ తెరవడం కుదరదు. తెరిచి ఉన్నా దాంతో అన్నీ సాగవు. ప్రాసెసర్‌ను మధ్యలో ఆపితే ఆగేది ప్రోగ్రాము మాత్రమే. కాంటాక్టర్ పట్టుకునే ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాల్సిన ఫర్మ్‌వేర్ మాత్రం నిద్రపోతోంది.

లోపలి సంగతులను ఒక తీగ మీద అక్షరాలుగా బయటికి పంపించడం మరో దారి. సెకనుకు 9600 బిట్ల వేగంతో పంపితే ఒక్కో అక్షరానికి మిల్లీసెకను పైన పడుతుంది. నలభై అక్షరాల మాటకు 40 మిల్లీసెకన్లు, అంటే మన కరెంటు రెండుసార్లు పూర్తిగా ఊగేంత కాలం. ఫర్మ్‌వేర్ అంతసేపు ఆగి రాస్తే సమయాల వరస మారిపోతుంది. రాత పెట్టగానే తప్పు మాయమవుతుంది, తీసేయగానే మళ్లీ వస్తుంది. అలా జరిగితే తప్పు సమయానికి సంబంధించిందని ఇంజనీర్లు పసిగడతారు. అప్పుడు రాత మానేసి, ఖాళీగా ఉన్న ఒక పిన్నును ఫలానా పని మొదలైనప్పుడు పైకి, అయిపోగానే కిందికి మారుస్తారు. దానికి మైక్రోసెకను కూడా పట్టదు. లాజిక్ అనలైజర్ తగిలిస్తే ఏ పని ఎంతసేపు పట్టిందో గీతల్లా కనిపిస్తుంది.

పొలంలో ఉన్న డబ్బాకు అనలైజర్ కూడా తగిలించలేం. అక్కడ మిగిలే సాక్ష్యం ఫర్మ్‌వేర్ తానే దాచిపెట్టుకున్నదే. ప్రాసెసర్ ప్రతిసారీ రీసెట్ అయినప్పుడు ఎందుకు అయిందో చిప్‌లో ఒక చోట గుర్తుంటుంది. సప్లై కొత్తగా వచ్చిందా, ఓల్టేజీ కుంగిందా, లేక ప్రోగ్రాము ఇరుక్కుపోతే తట్టి లేపే వాచ్‌డాగ్ కొట్టిందా అని. రీసెట్ అయినా చెరగకుండా వదిలేసిన కొద్దిపాటి మెమరీలో చివరి పనుల గుర్తులు ఒక్కోటి రెండు బైట్ల చొప్పున రాసుకుంటుంది. మళ్లీ లేచాక వీటిని చిన్న ఎస్సెమ్మెస్‌గా పంపిస్తుంది:

```
R:BOR N:14 E:31
```

చదవడం తెలిసినవాడికి ఇది చాలు. రీసెట్‌కు కారణం ఓల్టేజీ కుంగడం, ఇప్పటికి 14 సార్లు జరిగింది, చివరగా నమోదైన పని 31వ నంబరుది. మన నమూనాలో 31 అంటే మోడెమ్ సందేశం పంపడం మొదలుపెట్టడం. దీన్నిబట్టి దారి తెలుస్తుంది. టూజీ మోడెమ్ రెండు ఆంపియర్ల దాకా కరెంటును చిన్న చిన్న విసుర్లుగా లాగుతుంది. ఆ విసురుకు బ్యాటరీ కుంగి ప్రాసెసర్ రీసెట్ అవుతోంది.

మరి ఆఫీసులో ఇది ఎందుకు రాలేదు? అక్కడ టవరు దగ్గర. సిగ్నల్ బాగుంటే మోడెమ్ తక్కువ బలంతో మాట్లాడమన్న టవరు ఆజ్ఞ మేరకు మెల్లగా మాట్లాడుతుంది. పొలంలో సిగ్నల్ అంతంతమాత్రం, పైగా డబ్బా ఇనుపది. మోడెమ్ గొంతు చించుకుంటుంది, పూర్తి కరెంటు లాగుతుంది. బ్యాటరీ కొత్తదైతే తట్టుకుంటుంది, రెండేళ్లు ఎండలో ఉన్నదైతే తట్టుకోదు. కాబట్టి బెంచ్‌కు రెండు వస్తువులు చేరాలి. యాంటెన్నా తీగ మధ్య సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ ఒకటి, పాత బ్యాటరీలా ప్రవర్తించేలా సప్లై వరసలో చిన్న రెసిస్టర్ ఒకటి. ఇవి పెట్టాక రీసెట్ ఆఫీసులోనే, అడిగినప్పుడల్లా వస్తుంది. కెపాసిటర్ పెంచారో, మోడెమ్ సప్లైను వేరుచేశారో, ఆ మార్పు పనిచేసిందని అప్పుడే చెప్పగలరు.

అంగారకుడి మీద రీసెట్లు

పరికరం ఎంత దూరంగా ఉన్నా ఈ పద్ధతి మారదు. 1997 జూలై 4న నాసా వారి మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకు, వాతావరణ సమాచారం సేకరించడం మొదలయ్యాక, దానిలోని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ అవసాగింది. ఆ దూరానికి ఒక సంకేతం వెళ్లడానికే పది నిమిషాల పైన పడుతుంది. డీబగ్ తీగ తగిలించే మాటే లేదు.

ఆ కంప్యూటర్‌లో వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచేది. చేయాల్సిన పనులకు ప్రాధాన్యాలు ఉండేవి. నౌకలోని పరికరాల మధ్య డేటా పంచే పనికి పెద్ద ప్రాధాన్యం, వాతావరణ సమాచారం సేకరించే పనికి చిన్న ప్రాధాన్యం. రెండూ ఒకే తాళాన్ని వంతులవారీగా వాడుకునేవి. అప్పుడప్పుడు చిన్న పని తాళం పట్టుకుని ఉండగా మధ్య ప్రాధాన్యం ఉన్న పనులు దూరేవి. చిన్న పని వాటి వెనక ఆగిపోయేది, తాళం వదలలేకపోయేది. తాళం కోసం పెద్ద పని కూడా ఆగిపోయేది. సెకనుకు ఎనిమిదిసార్లు తిరిగే చక్రంలో తర్వాతి వంతు వచ్చేసరికి ముందటి పని పూర్తికాలేదని గమనించిన మరో పని, ఏదో పెద్ద పొరపాటు జరిగిందని మొత్తాన్నీ రీసెట్ చేసేది.

కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో నౌకకు అచ్చమైన నకలు ఉంది. పనుల వరసను నమోదుచేసే సౌకర్యాన్ని ఆన్ చేసి దాన్ని నడిపితే, 18 గంటల లోపు అదే రీసెట్ వచ్చింది. తాళం పట్టుకున్న చిన్న పనికి ఆ కాసేపు పెద్ద పని ప్రాధాన్యాన్ని అరువిచ్చే ఏర్పాటు వీఎక్స్‌వర్క్స్‌లో ముందే ఉంది. ఆ తాళానికి దాన్ని ఆన్ చేయలేదంతే. మార్పును అంగారకుడికి పంపించారు, రీసెట్లు ఆగిపోయాయి. నమోదుచేసే సౌకర్యం వాళ్లకు పనికొచ్చిందంటే, ప్రయోగానికి ముందు దాన్ని ‘అనవసరం’ అని ఎవరూ తీసేయకపోవడం వల్లే. పరీక్షించిన ప్రోగ్రామే ఎగరాలి, ఎగిరే ప్రోగ్రామునే పరీక్షించాలి అన్నది వాళ్ల నియమం.

ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ బృందానికి నాయకత్వం వహించిన గ్లెన్ రీవ్స్ తర్వాత రాసిన వివరణలో ఇంకో సంగతి ఉంది. ఈ రీసెట్ అంగారకుడి మీద దిగకముందు కూడా కనిపించింది. మళ్లీ రప్పిద్దామంటే రాలేదు. అంగారకుడి మీద అనుకున్నదానికంటే ఎక్కువ డేటా రావడంతో, పరీక్షల్లో ఎన్నడూ పడనంత పని ప్రాసెసర్ మీద పడి, అరుదైనది తరచైంది.

బోరు కంట్రోలర్ చేసేవాళ్లకు అంగారకుడి నకలు అక్కర్లేదు గాని, ఈ పట్టింపు మాత్రం అచ్చంగా పనికొస్తుంది. బెంచ్ మీద కారణం తెలియకుండా వచ్చిన ఒక్క రీసెట్‌ను కూడా, మళ్లీ రాలేదు కదా అని పుస్తకంలోంచి కొట్టేయకూడదు. అది వచ్చిన రోజు ఏ ఫర్మ్‌వేర్, ఏ సప్లై, చివరి గుర్తు ఏది అన్నవి రాసిపెట్టాలి. పొలం నుంచి వచ్చిన ప్రతి ఫిర్యాదునూ బెంచ్ మీద ఒక పరీక్షగా మార్చాలి. పాత ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఆ పరీక్ష తప్పాలి, కొత్తది ఎక్కిస్తే పాసవ్వాలి. మొదటి సగం జరగకుండా రెండో సగం చూసి సంతోషిస్తే తేలేదేమీ ఉండదు, ఎందుకంటే మనం రప్పించలేని తప్పును మనమే పోగొట్టామని చెప్పడానికి ఆధారం ఉండదు.